తాకట్టు తగ్గిందా, షేర్లే చేజారాయా: షేర్‌హోల్డింగ్ పట్టికను వరుస త్రైమాసికాల్లో చదివే పద్ధతి

స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన ప్రతి కంపెనీ, త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లోపు తన షేర్లు ఎవరెవరి చేతుల్లో ఉన్నాయో తెలిపే పట్టికను ఎక్స్ఛేంజీకి సమర్పించాలి. ఆదాయం, లాభం వంటి అంకెల్లో యాజమాన్యం అంచనాలకూ సర్దుబాట్లకూ కొంత చోటు ఉంటుంది గానీ, డీమ్యాట్ ఖాతాల లెక్కల మీద ఆధారపడిన ఈ పట్టికలో అలాంటి చోటు చాలా తక్కువ. అందుకే కంపెనీని నడిపేవారి ఆర్థిక స్థితి, వారికీ మిగతా వాటాదారులకూ మధ్య ఉన్న సంబంధం ఎలాంటివో తెలుసుకోవాలనుకునేవారు మొదట చూడవలసిన పత్రం ఇదే.

నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల్లో రొయ్యల సాగు, బియ్యం మిల్లులు, గ్రానైటు, పొగాకు వ్యాపారాల్లో మిగిలిన డబ్బును షేర్లలో పెట్టేవారిలో చాలామంది తమకు తెలిసిన రంగంలోని కంపెనీనే ఎంచుకుంటారు. మేత ధర పెరిగితే, అమెరికా సుంకం మారితే రొయ్యల ఎగుమతి కంపెనీ లాభం ఏమవుతుందో వారు ఏ విశ్లేషకుడికన్నా ముందే చెప్పగలరు. అయితే ఆ కంపెనీ ప్రమోటరు, అంటే దాన్ని స్థాపించి తన అదుపులో ఉంచుకున్న వ్యక్తి, తన షేర్లను ఎవరి దగ్గర, ఎంతకు తాకట్టు పెట్టాడన్నది చెరువు గట్టు మీద తెలిసే విషయం కాదు. దాన్ని పట్టికలో వెతకాలి. ఎలా వెతకాలో, ముఖ్యంగా పైకి శుభవార్తలా కనిపించే ఒక మార్పును ఎలా పరీక్షించాలో ఈ వ్యాసంలో ఒక ఊహా కంపెనీ అంకెలతో వివరిస్తాను.

మొదట అసలు పట్టికను తెరవండి

బీఎస్ఈ వెబ్‌సైటు bseindia.com లో కంపెనీ పేరు టైపు చేసి ఆ కంపెనీ పేజీకి వెళ్తే అక్కడ Shareholding Pattern అనే విభాగం కనిపిస్తుంది. ఎన్ఎస్ఈ వెబ్‌సైటులోనూ ఇదే సమాచారం ఉంటుంది. మొబైల్ యాప్‌లలోనూ ఇతర వెబ్‌సైట్లలోనూ కనిపించే రంగుల వృత్తపు బొమ్మతో సరిపెట్టుకోవద్దు, ఎందుకంటే అవి ఎక్కువగా శాతాలను మాత్రమే చూపుతాయి. మనకు కావలసింది షేర్ల సంఖ్య.

పట్టికలో నాలుగు భాగాలు ఉంటాయి. మొదటిది సారాంశం, రెండవది ప్రమోటర్లు, ప్రమోటరు బృందం వివరాలు, మూడవది పబ్లిక్ వాటాదారుల వివరాలు, నాలుగవది ఈ రెండు వర్గాల్లోకీ రాని ఉద్యోగుల ట్రస్టుల వంటివారి వివరాలు. రెండవ భాగంలో ప్రతి ప్రమోటరు పేరూ విడిగా ఉంటుంది. మూడవ భాగంలో ఒక శాతం, అంతకు మించి షేర్లు ఉన్నవారి పేర్లు కనిపిస్తాయి, మిగిలినవారు వర్గాల వారీగా మొత్తాలుగా మాత్రమే ఉంటారు. మీ పని ప్రధానంగా రెండు, మూడు భాగాలతోనే.

ఒక్క త్రైమాసికపు పట్టిక చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. కనీసం నాలుగు, వీలైతే ఎనిమిది త్రైమాసికాల పట్టికలు తెరిచి, ప్రతి దాని నుంచి నాలుగు అంకెలను ఒక కాగితం మీద వరుసగా రాసుకోండి. అవి కంపెనీ మొత్తం షేర్లు, ప్రమోటర్ల షేర్లు, అందులో తాకట్టులో ఉన్న షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, విదేశీ ఫండ్ల వంటి సంస్థాగత మదుపరుల షేర్లు.

శాతానికి ముందు షేర్ల సంఖ్య రాయండి

ప్రమోటర్ల వాటా 52 శాతం నుంచి 54 శాతానికి పెరిగిందని చూడగానే, వారు తమ సొంత డబ్బుతో షేర్లు కొన్నారని అనుకోవడం సహజం. కానీ 10 కోట్ల షేర్లున్న కంపెనీలో ప్రమోటర్లకు 5.20 కోట్లు ఉన్నాయనుకోండి. కంపెనీ తన నగదుతో 40 లక్షల షేర్లను పబ్లిక్ వాటాదారుల నుంచి తిరిగి కొని రద్దు చేస్తే మొత్తం 9.60 కోట్లకు తగ్గుతుంది. అప్పుడు ప్రమోటర్లు ఒక్క షేరు కూడా కొనకుండానే వారి వాటా 54.17 శాతం అవుతుంది. దీనికి వ్యతిరేకంగా, కంపెనీ కొత్త షేర్లు జారీ చేసినప్పుడు ప్రమోటరు ఏమీ అమ్మకపోయినా ఆయన శాతం తగ్గుతుంది. బోనసు, షేరు విభజన వంటివి జరిగితే సంఖ్యలన్నీ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి కాబట్టి పాత త్రైమాసికాల సంఖ్యలను ఆ నిష్పత్తితో గుణించాకే పోల్చాలి.

మొత్తం వాటా మారకుండా ఒక ప్రమోటరు వరుసలో తగ్గి మరో వరుసలో పెరిగితే అది కుటుంబంలో జరిగిన బదిలీ. తండ్రి పేరు మీది షేర్లు కుటుంబ ట్రస్టుకు వెళ్లడం ఇందుకు ఉదాహరణ. ఒక ప్రమోటరు పేరు రెండవ భాగం నుంచి పూర్తిగా మాయమైతే మాత్రం అదే పేరు మూడవ భాగంలో ఉందేమో చూడండి, ఎందుకంటే ఎక్స్ఛేంజీ అనుమతితో ప్రమోటరు హోదా వదులుకుని పబ్లిక్ వర్గంలోకి మారిన వ్యక్తి ఏమీ అమ్మకపోవచ్చు.

ప్రమోటర్ల వాటా ఎంత ఉంటే మంచిది అన్న ప్రశ్నకు ఒక్క అంకెలో సమాధానం లేదు. సాధారణంగా లిస్టయిన కంపెనీలో పబ్లిక్ వాటా కనీసం 25 శాతం ఉండాలి గనుక ప్రమోటర్ల వాటా 75 శాతం దాటకూడదు. అటు వైపు చూస్తే, ప్రకాశం జిల్లా పొగాకు రైతులకు బాగా పరిచయమున్న ఐటీసీకి అసలు ప్రమోటర్లే లేరు. ఆ కంపెనీ పట్టికలో ప్రమోటర్ల వరుస సున్నా చూపుతుంది, పెద్ద వాటాదారులైన బ్రిటిష్ అమెరికన్ టొబాకో బృంద సంస్థలూ ఎల్ఐసీ పబ్లిక్ వర్గంలోనే ఉంటాయి. కాబట్టి వాటా ఎంత ఉందన్నదానికన్నా ఎటు కదులుతోంది, ఎందుకు కదులుతోంది అన్నవే ఎక్కువ చెబుతాయని నా అభిప్రాయం.

తాకట్టు శాతం దేని మీద లెక్కించారో గమనించండి

రెండవ భాగంలో తాకట్టు షేర్ల నిలువు వరుసలో కనిపించే శాతం కంపెనీ మొత్తం షేర్ల మీద లెక్క కాదు, ఆ ప్రమోటరు చేతిలోని షేర్ల మీద లెక్క. ప్రమోటర్లకు 52 శాతం వాటా ఉండి అందులో 25 శాతం తాకట్టులో ఉంటే కంపెనీ మొత్తం షేర్లలో 13 శాతం తాకట్టులో ఉన్నట్లు. ఈ రెండు అంకెలూ అవసరమే. మొదటిది ప్రమోటరు ఎంత ఇరుకున ఉన్నాడో చెబుతుంది, రెండవది ఆ షేర్లు ఒక్కసారిగా మార్కెట్లోకి వస్తే ధర మీద ఎంత ఒత్తిడి పడుతుందో చెబుతుంది. రోజుకు సగటున లక్ష షేర్లు చేతులు మారే చిన్న కంపెనీలో కోటి షేర్ల తాకట్టు అంటే వంద రోజుల లావాదేవీలతో సమానం.

ప్రతి ప్రమోటరు వరుసనూ విడిగా చూడటం కూడా ముఖ్యమే. మొత్తం మీద 25 శాతం తాకట్టు అన్నప్పుడు, కంపెనీని రోజూ నడిపే మేనేజింగ్ డైరెక్టరు షేర్లు దాదాపు అన్నీ తాకట్టులో ఉండి, వ్యాపారంతో సంబంధం లేని బంధువుల షేర్లు మాత్రమే స్వేచ్ఛగా ఉండవచ్చు. సగటు అంకె ఈ తేడాను కప్పేస్తుంది.

తాకట్టు అనే మాట వాడకుండానే అదే పని చేసే ఒప్పందాలు కూడా ఉన్నాయి. రుణం తీరే దాకా ఈ షేర్లను అమ్మబోమని రుణదాతకు రాసిచ్చే హామీ అలాంటిదే. వీటిని కూడా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ అయిన సెబీ, షేర్ల మీది భారంగానే పరిగణిస్తుంది. 2025లో మార్చిన నమూనాలో తాకట్టుకు, అమ్మబోమనే హామీకి, ఇతర భారాలకు వేర్వేరు నిలువు వరుసలు వచ్చాయి కాబట్టి తాకట్టు దగ్గర సున్నా చూసి ఆగిపోకుండా పక్క నిలువు వరుసలు కూడా చదవండి.

ధర పడినప్పుడు లోపల ఏం జరుగుతుంది

బియ్యం మిల్లు నడిపేవారికి ఈ విషయం వెంటనే అర్థమవుతుంది. గోడౌనులోని ధాన్యం మీద బ్యాంకు రుణం ఇచ్చినప్పుడు సరుకు విలువకు తగిన మేరకే రుణం ఉంచుతుంది, ధాన్యం ధర పడిపోతే అదనపు సరుకు చూపమనో, కొంత డబ్బు కట్టమనో అడుగుతుంది. షేర్ల తాకట్టు కూడా ఇలాగే నడుస్తుంది గానీ ఒక పెద్ద తేడా ఉంది. మిల్లరు ధాన్యాన్ని బ్యాంకు అమ్మినంత మాత్రాన నెల్లూరు మార్కెట్లో ధాన్యం ధర పడిపోదు. తాకట్టు షేర్లను రుణదాత అమ్మితే ఆ అమ్మకమే షేరు ధరను ఇంకా పడేస్తుంది, ఆ పతనమే మిగిలిన తాకట్టు విలువను మళ్లీ తగ్గిస్తుంది.

ఇప్పుడు మన ఊహా కంపెనీని తీసుకుందాం. కోస్తాలో శుద్ధి కర్మాగారాలున్న ఒక రొయ్యల ఎగుమతి కంపెనీకి 10 కోట్ల షేర్లు, ప్రమోటర్లకు 5.20 కోట్ల షేర్లు ఉన్నాయనుకోండి. ప్రమోటరు వేరే వ్యాపారం కోసం ఒక ఫైనాన్స్ సంస్థ నుంచి 195 కోట్ల రూపాయల రుణం తీసుకున్నాడు. తాకట్టు విలువ ఎప్పుడూ రుణానికి రెండింతలు, అంటే 390 కోట్లు ఉండాలన్నది ఒప్పందం. మార్చి చివర షేరు ధర 300 రూపాయలు, కాబట్టి 1.30 కోట్ల షేర్లు తాకట్టు పెడితే సరిపోయింది.

జూన్ నాటికి ధర 200కు పడింది. 1.30 కోట్ల షేర్ల విలువ 260 కోట్లే అయింది. 390 కోట్లు నింపడానికి మొత్తం 1.95 కోట్ల షేర్లు కావాలి, అందుకని ప్రమోటరు మరో 65 లక్షల షేర్లు అప్పగించాడు. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే ఆయన కొత్తగా ఒక్క రూపాయి అప్పు చేయలేదు, అయినా తాకట్టు ఒకటిన్నర రెట్లు అయింది. తాకట్టు పెరిగిన ప్రతిసారీ కొత్త అప్పు చేశాడని అనుకోకూడదు, అలాగని కంపెనీ చెప్పే సంజాయిషీని యథాతథంగా నమ్మనూకూడదు. ధర ఎంత పడిందో, తాకట్టు ఎంత పెరిగిందో పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తేలుతుంది. ధర 300 నుంచి 200కు పడినప్పుడు పాత అప్పుకే అయితే తాకట్టు ఒకటిన్నర రెట్లు కావాలి. అంతకు మించి పెరిగితే మిగిలినది కొత్త అప్పు అయి ఉండవచ్చు.

సెప్టెంబరు నాటికి ధర 130కి వచ్చింది. ఒప్పందం ప్రకారం ఇప్పుడు 3 కోట్ల షేర్లు కావాలి. ప్రమోటరు ఇవ్వలేదు, లేదా ఇవ్వడానికి కుటుంబంలోని మిగతావారు ఒప్పుకోలేదు. రుణదాత 1.05 కోట్ల షేర్లను స్వాధీనం చేసుకుని సగటున 130 చొప్పున అమ్మాడు. వచ్చిన 136.50 కోట్లు అప్పుకు జమ అయ్యాయి, అప్పు 58.50 కోట్లకు తగ్గింది. దానికి రెండింతలు 117 కోట్లు, అంటే 130 ధర మీద 90 లక్షల షేర్లు. తాకట్టులో మిగిలినవి కూడా సరిగ్గా 90 లక్షలే కాబట్టి ఒప్పందం మళ్లీ నిలబడింది.

ఇప్పుడు ఈ మూడు త్రైమాసికాలు పట్టికలో ఎలా కనిపిస్తాయో చూడండి.

| త్రైమాసికం చివర | ప్రమోటర్ల షేర్లు | మొత్తంలో వాటా | తాకట్టు షేర్లు | ప్రమోటర్ల షేర్లలో తాకట్టు |
|---|---|---|---|---|
| మార్చి | 5.20 కోట్లు | 52% | 1.30 కోట్లు | 25% |
| జూన్ | 5.20 కోట్లు | 52% | 1.95 కోట్లు | 37.5% |
| సెప్టెంబరు | 4.15 కోట్లు | 41.5% | 0.90 కోట్లు | 21.7% |

చివరి నిలువు వరుస ఒక్కటే చూసేవారికి తాకట్టు 37.5 నుంచి 21.7 శాతానికి దిగివచ్చిందని, మార్చి కన్నా కూడా పరిస్థితి మెరుగుపడిందని అనిపిస్తుంది. తాకట్టు తగ్గిన కంపెనీలను ఏరి చూపే యాప్‌లలో ఈ కంపెనీ మంచి జాబితాలోనే కనిపిస్తుంది. నిజానికి ప్రమోటరు తన కంపెనీలో పదో వంతుకు పైగా కోల్పోయాడు, అది కూడా తన ఇష్టంతో కాదు.

తగ్గుదలను పరీక్షించే పద్ధతి

తాకట్టు తగ్గినట్లు కనిపించిన ప్రతిసారీ రెండు తేడాలను లెక్కించండి. తాకట్టు షేర్లు ఎన్ని తగ్గాయి, ప్రమోటర్ల మొత్తం షేర్లు ఎన్ని తగ్గాయి. తాకట్టు తగ్గి ప్రమోటర్ల షేర్ల సంఖ్య ఏమాత్రం మారకపోతే అప్పు తీర్చి షేర్లు విడిపించుకున్నారని, లేదా ధర పెరగడంతో రుణదాత కొన్నింటిని వదిలాడని అర్థం. రెండూ ఒకే సంఖ్యలో, మన ఉదాహరణలో లాగా చెరి 1.05 కోట్లు తగ్గితే, రుణదాత స్వాధీనం చేసుకున్నాడన్న అనుమానం బలపడుతుంది.

మధ్యేమార్గంగా మూడవ సందర్భం ఒకటి ఉంది. ప్రమోటరు తానే తాకట్టులో లేని షేర్లు కొన్ని అమ్మి అప్పు తీర్చి ఉండవచ్చు. అప్పుడు రెండూ తగ్గుతాయి గానీ సంఖ్యలు ఒకటిగా ఉండవు, సాధారణంగా విడుదలైన షేర్లు అమ్మినవాటి కన్నా ఎక్కువగా ఉంటాయి, ఎందుకంటే రుణానికి రెండింతల విలువ తాకట్టులో ఉంటుంది. ఇలా చేసిన ప్రమోటరును నేను తప్పు పట్టను. రుణదాత అమ్మేదాకా ఆగకుండా ముందే తన వాటా తగ్గించుకుని భారం దించుకోవడం మిగతా వాటాదారులకు కూడా మేలే.

అనుమానం తీరాలంటే పట్టిక ఒక్కటే చాలదు. తాకట్టు పెట్టడం, విడిపించడం, రుణదాత స్వాధీనం చేసుకోవడం అనే మూడు సంఘటనలూ టేకోవర్ నిబంధనల కింద విడివిడిగా వెల్లడి కావాలి. ఎక్స్ఛేంజీ వెబ్‌సైటులో కంపెనీ పేజీలోని SAST అనే శీర్షిక కింద వీటిని వెతకండి. త్రైమాసికపు పట్టిక కోసం ఎదురుచూసే అవసరం లేకుండా, సంఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే ఇవి కనిపిస్తాయి, జరిగింది విడుదలా స్వాధీనమా అన్నది వాటిలో స్పష్టంగా రాసి ఉంటుంది. రుణదాత స్వాధీనం చేసుకుని ఇంకా అమ్మకపోతే, ఆ ఫైనాన్స్ సంస్థ పేరో, దాని తరఫు ట్రస్టీ సంస్థ పేరో పబ్లిక్ వర్గంలో ఒక శాతం పైబడినవారి జాబితాలో కొత్తగా కనిపిస్తుంది. ఆ షేర్లు ఏ రోజైనా మార్కెట్లోకి రావచ్చు.

అప్పు ఎవరికోసం చేశారో తెలుసుకోండి

తాకట్టు ఎంత అన్నది సగం సమాచారమే, ఎందుకు అన్నది మిగతా సగం. కంపెనీ కొత్త శీతల గిడ్డంగి కట్టడానికి బ్యాంకు రుణం తీసుకుంటూ, బ్యాంకు అడిగినందుకు ప్రమోటరు తన షేర్లను కూడా అదనపు హామీగా పెట్టడం ఒక రకం. ఇందులో ప్రమోటరు తన సొంత ఆస్తిని కంపెనీ కోసం పణంగా పెడుతున్నాడు. ప్రమోటరు తన మరో వ్యాపారం కోసమో, స్థిరాస్తుల కోసమో, ఇవే షేర్లను ఇంకా కొనడం కోసమో వ్యక్తిగతంగా అప్పు చేయడం మరో రకం. ఇందులో కంపెనీకి ఒరిగేదేమీ లేదు గానీ, నష్టం మాత్రం షేరు ధర రూపంలో అందరికీ పడుతుంది. ఇంకా ముఖ్యమైన ప్రమాదం ఏమిటంటే, ధర పడకుండా చూసుకోవలసిన అవసరం ప్రమోటరుకు వ్యక్తిగతంగా ఏర్పడుతుంది. అలాంటి ప్రమోటరు నడిపే కంపెనీ లాభాల ప్రకటనలను, సంబంధిత సంస్థలకు ఇచ్చిన అప్పులను మరింత జాగ్రత్తగా చదవాలి.

ప్రమోటర్ల భారం వారి షేర్లలో 50 శాతానికి గానీ, కంపెనీ మొత్తం షేర్లలో 20 శాతానికి గానీ చేరితే, కారణాలనూ రుణదాత పేరునూ వివరంగా వెల్లడించాలని 2019 నుంచి సెబీ నిబంధన ఉంది. మన ఉదాహరణలోని కంపెనీ జూన్‌లో 37.5 శాతం దగ్గర, మొత్తంలో చూస్తే 19.5 శాతం దగ్గర ఆగింది. రెండు హద్దులకూ కింద ఉంది కాబట్టి వివరమైన కారణం రాయవలసిన బాధ్యత పడలేదు. హద్దుకు ఇంత దగ్గరగా ఆగిన కంపెనీ గురించి మీరే అడగాలి. మదుపరుల సమావేశంలో ఆ అప్పు ఎవరిది, ఏ పనికి, ఎప్పుడు తీరుతుంది అని ఎవరైనా అడిగారా, యాజమాన్యం సూటిగా సమాధానం చెప్పిందా అన్నది ఎక్స్ఛేంజీలో ఉంచే సంభాషణ ప్రతిలో చూడండి. ప్రమోటరు ఇతర సంస్థలకు రేటింగు ఏజెన్సీలు ఇచ్చే నివేదికలు కూడా ఇక్కడ బాగా ఉపయోగపడతాయి, అప్పులు ఎక్కడ పేరుకున్నాయో అవి చాలాసార్లు ముందే చెబుతాయి.

సంస్థాగత వాటాను మొత్తంగా కాదు, విడదీసి చూడండి

మన కంపెనీలో మార్చి నాటికి సంస్థలకు 1.50 కోట్ల షేర్లు, అంటే 15 శాతం ఉన్నాయనుకోండి. అందులో 7 మ్యూచువల్ ఫండ్లకు 90 లక్షలు, 22 విదేశీ ఫండ్లకు 60 లక్షలు. సెప్టెంబరు నాటికి సంస్థల మొత్తం 1.30 కోట్లు, అంటే 13 శాతం. రెండు శాతమే తగ్గింది కదా అనిపిస్తుంది. విడదీస్తే మ్యూచువల్ ఫండ్లు రెండే మిగిలాయి, వాటి దగ్గర 35 లక్షలు ఉన్నాయి. విదేశీ ఫండ్లు ఐదుకు తగ్గి, వాటి షేర్లు 95 లక్షలకు పెరిగాయి, అందులోనూ ఒకే ఒక్క ఫండు చేతిలో 70 లక్షలు ఉన్నాయి.

ఇలా అనేకమంది వెళ్లిపోయి ఒక్కరు వచ్చి చేరడాన్ని నేను మంచి సంకేతంగా తీసుకోను. సొంత పరిశోధన బృందాలు ఉండి, యాజమాన్యాన్ని నేరుగా కలిసి ప్రశ్నించగలిగే ఐదు మ్యూచువల్ ఫండ్లు ఆరు నెలల్లో పూర్తిగా బయటికి వెళ్లడంలోనే ఒక అభిప్రాయం ఉంది. వచ్చిన ఒక్క విదేశీ ఫండు ఎవరిదో, ఇంకా ఏ భారతీయ కంపెనీల్లో వాటాలున్నాయో దాని పేరుతో వెతకండి. ఒకటి రెండు కంపెనీల్లోనే, అవి కూడా ఒకే ప్రమోటరు బృందానికి చెందినవైతే, దాని వెనుక ఉన్న డబ్బు నిజంగా బయటివారిదేనా అన్న సందేహం న్యాయమైనదే. తమ భారతీయ షేర్ల పెట్టుబడిలో సగానికి పైగా ఒకే వ్యాపార బృందంలో పెట్టిన విదేశీ ఫండ్లు, కొన్ని మినహాయింపులు పోను, తమ అంతిమ యజమానుల వివరాలు ఇవ్వాలని సెబీ 2023లో ఆదేశించింది. అయితే ఆ వివరాలు మన కళ్లకు కనిపించే పట్టికలోకి రావు.

సంస్థల వాటా పెరుగుదలను కూడా ఇలాగే విడదీయాలి. కంపెనీ ఏదైనా సూచీలో చేరినప్పుడు ఆ సూచీని అనుసరించే ఫండ్లు యాంత్రికంగా కొంటాయి. అందులో యాజమాన్యం గురించిన తీర్పు ఏదీ లేదు. ఒకే ఫండు పేరు నాలుగైదు త్రైమాసికాలు నిలిచి ఉండటం, ధర పడినప్పుడు కూడా షేర్ల సంఖ్య తగ్గకపోవడం మాత్రం విలువైన సంకేతాలు.

సంస్థలు ఏం చేయగలవో, ఏం చేయలేవో చెప్పడానికి మన తెలుగువారికి సత్యం కంప్యూటర్స్ కన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు. 2001లో పాతిక శాతానికి కాస్త పైన ఉన్న ఆ కంపెనీ ప్రమోటర్ల వాటా 2008 నాటికి 9 శాతం లోపుకు దిగింది, షేర్లలో పెద్ద భాగం సంస్థల చేతుల్లో ఉంది. 2008 డిసెంబరు 16న ప్రమోటరు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ సంస్థలను కొంటామని సత్యం ప్రకటించినప్పుడు, మదుపరుల నుంచి వచ్చిన వ్యతిరేకత వల్ల గంటల వ్యవధిలోనే దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అంటే సంస్థలు తమ కంటికి కనిపించిన తప్పును ఆపగలిగాయి. ఏళ్ల తరబడి ఖాతాల్లో సాగిన మోసాన్ని మాత్రం పట్టుకోలేకపోయాయి. ప్రమోటర్ల షేర్లన్నీ తాకట్టు పెట్టి డబ్బు తెచ్చామని సత్యం వ్యవస్థాపకుడు రామలింగరాజు 2009 జనవరి 7 నాటి లేఖలో రాసేసరికే రుణదాతలు ఆ షేర్లను అమ్మేస్తున్నారు. అప్పటికి తాకట్టు వివరాలు బయటపెట్టాలన్న నిబంధనే లేదు, అది తప్పనిసరి చేయాలని సెబీ ఆ జనవరిలోనే నిర్ణయించింది. ఈ రోజు మీరు పట్టికలో చదువుతున్న ఆ నిలువు వరుస అలా వచ్చింది.

పట్టికకు అందనివి

ప్రమోటరు షేర్లు ఒక హోల్డింగ్ కంపెనీ పేరు మీద ఉండి, ఆ హోల్డింగ్ కంపెనీయే పెద్ద మొత్తంలో హామీ లేని అప్పులు చేస్తే, షేర్లు తాకట్టులో లేనట్లే కనిపిస్తాయి గానీ అప్పు తీర్చడానికి అమ్మగలిగిన ఆస్తి అవే. అందుకని రెండవ భాగంలో వ్యక్తుల పేర్లకు బదులు ప్రైవేటు లిమిటెడ్ సంస్థల పేర్లు ఉంటే, వాటి ఆర్థిక నివేదికలను కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటు నుంచి రుసుము కట్టి తీసుకుని చూడటం మంచిది. తాకట్టు ఏమీ లేని, సంస్థల వాటా బాగా ఉన్న కంపెనీలో కూడా ప్రమోటరు సొంత సంస్థలకు సరుకు చవగ్గా అమ్మవచ్చు, ఎక్కువ జీతం తీసుకోవచ్చు. ఆ సంగతులకు వార్షిక నివేదికలోని సంబంధిత పక్షాల లావాదేవీల భాగమే ఆధారం.

ఇక మన ఊహా కంపెనీ విషయంలో తర్వాత చేయవలసిన పని ఒకటే. డిసెంబరు త్రైమాసికపు పట్టిక జనవరి 21 లోపు వస్తుంది. ధర పెరగకుండానే అందులో ప్రమోటర్ల షేర్లు 4.15 కోట్ల దగ్గరే నిలిచి, తాకట్టు 90 లక్షల నుంచి తగ్గితే, మిగిలిన 58.50 కోట్ల అప్పును సొంత డబ్బుతో తీరుస్తున్నారని భావించవచ్చు, అయినా మ్యూచువల్ ఫండ్లలో ఒకటైనా తిరిగి వచ్చేదాకా నేనైతే ఆగుతాను. ధర 130 చుట్టూనే ఉండి తాకట్టు మళ్లీ పెరిగితే కొత్త అప్పు వచ్చిందని అర్థం. రెండూ మళ్లీ ఒకే సంఖ్యలో తగ్గితే, రుణదాత అమ్మకం ఇంకా పూర్తి కాలేదు.